తాళాలిచ్చిన తేదీ

ఆఫీసులో ఆమెను అందరూ షరతులమ్మ అనేవాళ్లు. ముఖం మీద అనేవాళ్లు కాదు గానీ, ఆమెకు తెలియని సంగతీ కాదు. ఒకసారి టీ తెచ్చే మనిషి పొరపాటున "షరతులమ్మ గారూ, చక్కెర ఎంత?" అని నోరు జారి నాలుక కరుచుకున్నాడు. ఆమె కప్పు అందుకుంటూ, "ఒకటిన్నర చెంచా. షరతులు వర్తిస్తాయి" అంది. ఆ రోజు గదంతా నవ్వింది.

అపార్టుమెంట్లు కట్టే కంపెనీలో ఆమెది ప్రచార విభాగం. ఫోన్లలో జనం చూసే బొమ్మల కింద నాలుగు మాటలు రాయడం ఆమె పని. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక పత్రికలో చిన్న ప్రకటనల కౌంటర్లో కూర్చుంది. గది అద్దెకిస్తామని ఎవరైనా వస్తే, "నీళ్ల వసతి ఉంది అని రాయమంటున్నారు. రోజంతా వస్తాయా, పొద్దున్నే వచ్చి పోతాయా?" అని ఆరా తీసేది. అడిగించుకున్నవాళ్లు చిరాకుపడేవాళ్లు, చదివి వెళ్లినవాళ్లు దీవించేవాళ్లు. పత్రిక చిక్కిపోయి ఆ కౌంటరు ఎత్తేశాక ఇక్కడ చేరింది. భర్త చేతిపనివాడు, పని దొరికితే దొరికినట్టు. ఇంట్లో నెల తిరిగేసరికి ఖాయంగా వచ్చే జీతం ఆమెదొక్కటే.

పని మారినా అలవాటు మారలేదు. సేల్స్ మేనేజరు "స్టేషనుకు నడక దూరం" అని రాయమంటే, ఆమె గొడుగు వేసుకుని నిజంగానే నడిచి చూసింది. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, "సార్, ఆ నడక కాకులకు సరిపోతుంది. మనుషులకు బస్సు కావాలి" అంది. కంప్యూటరులో గీసిన బొమ్మలో పచ్చిక, ఫౌంటెను కనిపిస్తే కింద "ఇది ఊహాచిత్రం" అని రాయకుండా వదిలేది కాదు. మేనేజరు చెడ్డవాడు కాడు. అతనికి పైనుంచి నెలనెలా ఒత్తిడి. అతను ఆమెను పళ్లబిగువున భరించేవాడు.

కొత్త ప్రాజెక్టు వచ్చినప్పుడు మేనేజరు ఉత్సాహంగా బొమ్మలన్నీ ఆమె ముందు పరిచాడు. స్విమ్మింగ్ పూల్, క్లబ్ హౌస్, జిమ్, పిల్లల ఆటస్థలం. "వచ్చే ఏడాది చివరికల్లా మీ సొంత ఇంట్లో, అని దంచెయ్యండి మేడమ్" అన్నాడు.

"సైటుకు వెళ్లొచ్చి రాస్తాను సార్."

"సైటులో ఏముంది మేడమ్? గొయ్యి ఉంది."

"ఆ గొయ్యినే చూసొస్తాను."

సైటు ఇంజినీరు పొట్టిగా, ఎండకు కమిలిపోయి, మెడలో తువ్వాలుతో ఉండే మనిషి. ఆమె మీద అతనికి గౌరవం. ఆఫీసు నుంచి బూట్లకు మట్టి అంటించుకుని వచ్చి ప్రశ్నలడిగేది ఆమె ఒక్కతే. ఇనుప చువ్వల గుట్ట పక్కన నిలబడి అతను విడమరిచి చెప్పాడు. అనుమతి వచ్చింది మొదటి దశకే. అందులో రెండు బ్లాకులు, బ్లాకుకు రెండు లిఫ్టులు, జనరేటరు, పిల్లల ఆటస్థలం ఉన్నాయి. పూల్, క్లబ్ హౌస్, జిమ్ మూడూ రెండో దశలోవి. ఆ దశకు ఇంకా అనుమతికే దరఖాస్తు పెట్టలేదు.

"మరి తేదీ?" అని అడిగింది.

"రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర మనం నమోదు చేసింది ఆ పై ఏడాది జూన్ ఆఖరు మేడమ్. వచ్చే ఏడాది చివరికి అంటే పైకప్పు పడుతుందేమో. సంసారం పెట్టడం కుదరదు."

ఆమె తిరిగొచ్చి రాసింది ఇది:

"మొదటి దశలో ఉన్నవి: రెండు బ్లాకులు, ప్రతి బ్లాకుకు రెండు లిఫ్టులు, జనరేటరు, పిల్లల ఆటస్థలం. స్విమ్మింగ్ పూల్, క్లబ్ హౌస్, జిమ్ ఇప్పుడు లేవు. అవి రెండో దశ ఆలోచన. దానికి ఇంకా అనుమతి రాలేదు కాబట్టి వాటిని చూసి కొనవద్దు. స్వాధీనం తేదీ, నమోదు చేసిన ప్రకారం, వచ్చే ఏడాది కాదు, ఆ పై ఏడాది జూన్ ఆఖరు. స్వాధీనం అంటే తాళం చేతిలో పెట్టడం కాదు. ఇంట్లో ఉండవచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి, లిఫ్టు కదిలి, కుళాయి తిప్పితే నీళ్లు రావడం."

కింద నమోదు సంఖ్య, అది చూసుకోవాల్సిన చోటు కూడా ఇచ్చింది. మేనేజరు చదివి ఒంటికాలి మీద లేచాడు. "కొనవద్దు అని రాసే ప్రకటన ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందా మేడమ్?" అంటూ దాన్ని పట్టుకుని నేరుగా యజమాని గదిలోకి వెళ్లాడు. ఆమెనూ పిలిచారు.

యజమానిని అందరూ పెద్దాయన అంటారు. పాత ప్రాజెక్టుల్లో ఒకదాంట్లో కట్టని స్విమ్మింగ్ పూల్ ఒకటి బ్రోచరులో వేసినందుకు నియంత్రణ సంస్థ ఆయనకు జరిమానా వేసి మొట్టికాయలు వేసింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని నిదానంగా చదివారు.

"ఈవిడ రాసింది తప్పా?" అని మేనేజరును అడిగారు.

"తప్పని కాదు సార్, కానీ..."

"అయితే ఇదే వెళ్లనీ. జనం అబద్ధాలు చూసి చూసి విసిగిపోయారు. బాగా రాశావమ్మా."

ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇన్నేళ్ల పనిలో పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు ఆమె రాతను మెచ్చుకోవడం అదే మొదలు. ఇంటికెళ్లి భర్తకు చెప్తే, "అయితే నీ షరతులన్నీ ఆయన ఒప్పుకున్నాడన్నమాట. నేనే ఒప్పుకోనివాణ్ని" అని ఆటపట్టించాడు.

మర్నాడు ప్రకటన ఫోన్లో చూసుకుంటే చివరి రెండు వాక్యాలూ లేవు. తాళం, సర్టిఫికెట్, లిఫ్టు, కుళాయి, ఏవీ లేవు. మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"పొడుగైపోయింది మేడమ్. మూడు లైన్లు దాటితే ఎవడూ చదవడు. అయినా స్వాధీనం అంటే ఏంటో తెలియనివాడెవడు?"

"తెలియదనే కదా రాశాను."

"పెద్దాయనకు చూపించాను. సరే అన్నారు" అన్నాడతను. పెద్దాయన ఆ పొద్దున్నే ఊరెళ్లారు, వారం దాకా రాలేదు. వచ్చాక ఆమె మళ్లీ ఎత్తితే, "మిగతాదంతా నువ్వు రాసిందే కదమ్మా" అని ఫోనెత్తారు. అక్కడితో ఆ మాట ముగిసింది.

ప్రకటన మాత్రం గాలికన్నా వేగంగా పాకింది. పూల్ లేదని తానే చెప్పుకునే బిల్డరు వచ్చాడంటూ జనం ఒకరికొకరు పంపుకున్నారు. ఆఫీసులో ఫోన్లు మోగిపోయాయి. మేనేజరు ఒక్క రోజులో మనిషి మారిపోయాడు. మీటింగుల్లో "నిజాయితీయే మన సరుకు" అనడం మొదలుపెట్టాడు. వెనకటి ప్రకటనలన్నిటికన్నా ఇదే ఎక్కువ ఇళ్లు అమ్మింది. ఆమెకు అప్పుడు కూడా ఒకలాంటి ఇబ్బందే అనిపించింది గానీ, రాసింది నిజమే కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

ఆమెకు తల్లి పోయాక పెంచింది పిన్ని. పెళ్లి పెటాకులు లేకుండా, బట్టలు కుట్టి, అక్క కూతుర్ని తన కూతుర్లాగే చదివించింది. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. లిఫ్టు లేని ఇంట్లో మేడ మీద అద్దెకుండేది. దిగితే ఎక్కలేదు, ఎక్కితే దిగలేదు. ఒక ఆదివారం ఫోను చేసింది.

"అమ్మాయ్, నేనో ఇల్లు కొన్నానే."

"ఇల్లా? ఎక్కడ పిన్నీ? నాతో ఒక్క మాటన్నా చెప్పకుండా!"

"నీతో చెప్పేదేముంది, చెప్పింది నువ్వేగా. మీ కంపెనీలోనే. నాలుగో అంతస్తు. కింద ఇళ్లన్నీ అయిపోయాయట. లిఫ్టులు రెండున్నాయిగా, నాలుగైతేనేం, నలభై అయితేనేం!"

"కాగితాలు నాకు చూపించాల్సింది పిన్నీ. నన్ను అడగాల్సింది" అంది షరతులమ్మ.

"నువ్వు రాశాక అడిగేదేంటే? వేరేవాళ్లు రాస్తే అడిగేదాన్ని" అని పిన్ని నవ్వింది.

పిన్ని కట్టాల్సిన డబ్బు ఏనాడో కట్టేసింది. జీవితమంతా దాచుకున్నది అందులోకి వెళ్లిపోయింది. ఇక మంచే జరగాలి. ఆ రోజు నుంచి షరతులమ్మ ఏదో ఒక సాకు పెట్టుకుని సైటుకు వెళ్లేది. మొదట్లో పని బాగానే సాగింది. గోడలు లేచాయి, కిటికీలు బిగించారు. లిఫ్టు పెట్టెలు ట్రక్కులో దిగిన రోజు ఆమె ఫోటో తీసి పిన్నికి పంపింది. "మన లిఫ్టు" అని పిన్ని ఆ ఫోటోను పక్కింటావిడకు కూడా చూపించిందట.

తేదీ దగ్గరపడిన ఏడాది, వేసవికి ముందు, ఇంజినీరు ఆమెను పక్కకు పిలిచాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"మేడమ్, జూన్‌కు అవదు. అగ్నిమాపక పనుల కాంట్రాక్టరు మధ్యలో వదిలేసి పోయాడు. పంపులు బిగించలేదు, రెండో మెట్ల దారికి తలుపుల్లేవు. అవి లేకుండా ఫైర్ వాళ్ల అనుమతి రాదు. అది రాకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే శాశ్వత కరెంటు ఇవ్వరు. పని కోసం తీసుకున్న తాత్కాలిక కరెంటు మీద లిఫ్టులు నడపనివ్వరు. నీళ్లకూ ట్యాంకర్లే గతి."

"పైకి చెప్పారా?"

"చెప్పక? నెల కిందటే చెప్పాను."

ఆమె ఆఫీసుకు తిరిగొచ్చి ఒక్క గుక్కలో రాసింది: "జూన్ ఆఖరుకు స్వాధీనం ఇవ్వలేకపోతున్నాం. అగ్నిమాపక పనులు పూర్తి కాలేదు. గడువు పొడిగింపు కోసం అడుగుతున్నాం. అద్దె ఇళ్లు ఇప్పుడే ఖాళీ చేయకండి." రాసింది మేనేజరు బల్ల మీద పెట్టింది. అతను చదివి, తలెత్తకుండానే అన్నాడు.

"మేడమ్, ఇది బయటికి వెళ్తే రేపే అందరూ ఆలస్యానికి పరిహారం అడుగుతారు. రాసిన మీకేం పోదు."

"నాకే పోతుంది సార్. తేదీ రాసింది నేను."

"మీరు నమోదైన తేదీ రాశారు. అప్పటికది నిజం. మీ తప్పేం లేదు" అన్నాడు. అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది.

పెద్దాయన దగ్గరికి తానే వెళ్లింది. ఆయన ఓపిగ్గా విన్నారు. కుర్చీ చూపించారు, మంచినీళ్లు తెప్పించారు.

"నువ్వు కంగారు పడకమ్మా. మనం తేదీ తప్పం."

"సర్టిఫికెట్ రాదంటున్నారు కదా సార్?"

"అది దాని టైముకు వస్తుంది. ఈలోగా లోపల చెక్కపనులూ అవీ చేయించుకోవడానికి తాళాలిచ్చేస్తాం. ఎవరి ఇంటికి వాళ్లు వచ్చేస్తారు. జూన్ ఆఖరు అన్నాం, జూన్ ఆఖరే."

ఆ రోజు మేనేజరు కోసేసిన రెండు వాక్యాలు ఆమె నాలుక చివరికి వచ్చాయి. అవి బయట ఉంటే ఈ మాట ఆయన అనగలిగేవారు కాదు. కానీ అవి ఎక్కడా లేవు. ఆమె లేచి నిలబడి, కుర్చీని సరిగ్గా జరిపి, గది బయటికి వచ్చింది.

తాళాలిచ్చే రోజు సైటులో షామియానా వేశారు. కుర్చీలు, కూల్‌డ్రింకులు, గోడకు రిబ్బన్లు. జనం పిల్లాపాపలతో వచ్చారు. బల్ల దగ్గర ఒక్కొక్కరూ "స్వాధీనం అందింది" అన్న కాగితం మీద సంతకం పెట్టి తాళం తీసుకుంటున్నారు. కొందరు చదివారు, ఇద్దరు ముగ్గురు గొడవపడ్డారు. వాళ్లను కంపెనీవాళ్లు పక్కకు తీసుకెళ్లి మెల్లగా మాట్లాడారు. ఎక్కువమంది సంతోషంలో చదవలేదు. పిన్ని తనకున్న మంచి చీర కట్టుకుని, కర్ర ఊతంతో వరసలో నిలబడి ఉంది.

షరతులమ్మ పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, సంతకం పెట్టకు. లిఫ్టు లేదు, నీళ్లు లేవు. సర్టిఫికెట్ రాలేదు. ఇది పెడితే రేపు అడగడానికి నోరుండదు."

"లిఫ్టు లేదా? ఫోటో పంపావుగా?"

"ఉంది. నడవదు."

పిన్ని కాసేపు ఆ బ్లాకు వైపు చూసింది. "ఇంటాయనకు చెప్పేశానే. నా గది వేరేవాళ్లకిచ్చేశాడు. సామాను లారీలోకి ఎక్కించి వచ్చాను. రాత్రికి ఎక్కడుండను?"

"మా ఇంటికి రా."

"మీ ఒక్క గదిలో? అల్లుడు వంటగట్టు మీద పడుకుంటాడా?" పిన్ని ఆమె చెంప నిమిరింది. "కొన్నాళ్లేగా. వస్తుందిలే. అలా చూడకు, అందరూ నిన్నే చూస్తున్నారు."

వరస కదిలింది. మేనేజరు దూరం నుంచి వాళ్లను గమనిస్తూనే ఉన్నాడు గానీ దగ్గరికి రాలేదు. పిన్ని కళ్లజోడు సవరించుకుని, కుట్టుపనిలో ఎంత జాగ్రత్తో అంత జాగ్రత్తగా సంతకం పెట్టింది. తాళం చేతికి రాగానే ఆమె ముఖం వెలిగిపోయింది. అరవై దాటిన మనిషికి మొదటిసారి సొంత తలుపు. ఫోటోగ్రాఫరు ఆ వెలుగును ఒడిసి పట్టుకున్నాడు.

సాయంత్రం ఆ ఫోటోయే షరతులమ్మ కంప్యూటరు తెర మీదికి వచ్చింది. కింద మాటలు రాయాలి.

"చెప్పాం, ఇచ్చాం అన్న ధోరణిలో ఏదైనా" అన్నాడు మేనేజరు.

"నేను రాయను సార్."

అతను వాదించలేదు. ఆమె పక్కనే నిలబడి, తన ఫోనులోనే బొటనవేళ్లతో టైపు చేశాడు: "చెప్పిన తేదీకే. నమ్మకం లేకపోతే మా పాత ప్రకటన చూసుకోండి." ఆ పాత ప్రకటనను కింద జోడించాడు. ఆమె రాసిందే. పూల్ లేదని, క్లబ్ హౌస్ లేదని, చూసి కొనవద్దని చెప్పినదే. ఆమె నిజం నిలువెత్తు సాక్షిగా నిలబడింది, పక్కన పిన్ని నవ్వుతోంది. ఒక్క అక్షరం కూడా తప్పని చూపించలేని అబద్ధం అది.

వేల మంది మెచ్చుకున్నారు. ఎవరో కింద, "లిఫ్టు పనిచేస్తోందా?" అని అడిగారు. కంపెనీ తరఫున జవాబులిచ్చేది ఆమే. "ఇంకా లేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రావాలి" అని రాసింది. ఇల్లు చేరేలోపే ఆ జవాబు కనిపించకుండా పోయింది. మర్నాడు ఆమె పాస్‌వర్డు పనిచేయలేదు. ఎవరూ తిట్టలేదు, ఉద్యోగం తీసెయ్యలేదు. ఇకమీదట రాసి పంపితే చాలు, పెట్టడం వేరేవాళ్లు చూసుకుంటారని చెప్పారంతే. ఇంజినీరును వేరే సైటుకు పంపించేశారు.

నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేద్దామని ఆమె అంది. కొన్న మనిషే చెయ్యాలి. పిన్ని అడ్డంగా తలూపింది.

"కాగితం ఎవరు రాయించారో మీ కంపెనీవాళ్లకు తెలియదా? నీ జీతం పోతే మీ ఇల్లు గడవదు. నాకు మెట్లేగా."

"నా జీతం సంగతి నాకు వదిలెయ్ పిన్నీ."

"నిన్ను వదిలేయడానికా పెంచింది?" అంది పిన్ని. అదే ఆఖరి మాట. మిగతా ఇళ్లవాళ్లలో కొందరు కలిసి ఫిర్యాదు పెట్టారు. విచారణకు తేదీ వేశారు, ఆ తేదీ మారింది, మళ్లీ మారింది.

వానాకాలం వెళ్లిపోయింది. సర్టిఫికెట్ రాలేదు. ట్యాంకరు వచ్చిన రోజు కుళాయిలో నీళ్లు, రాని రోజు బకెట్లు. పిన్ని కిందికి దిగడమే మానేసింది. కుట్టించుకోవడానికి బట్టలు పట్టుకుని వచ్చే పాత ఖాతాదార్లు కూడా నాలుగంతస్తులు ఎక్కలేక తగ్గిపోయారు. షరతులమ్మ ప్రతి ఆదివారం సంచుల నిండా సరుకులు మోసుకెళ్లేది. మిగిలిన రోజుల్లో ఆఫీసులో ఇంకో ప్రాజెక్టుకు మాటలు రాసేది. స్వాధీనం అంటే ఏమిటో ఇప్పుడు మొదటి వాక్యంలోనే పెట్టింది. అదీ కోసేశారు. మళ్లీ పెట్టింది. మళ్లీ కోసేశారు.

ఒక ఆదివారం పిన్నిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. దిగడం ఎలాగో అయింది. తిరిగొచ్చాక ఎక్కడం మొదలుపెట్టారు. రెండో అంతస్తు మలుపులో ఎవరో పుణ్యాత్ములు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంచారు. పిన్ని అందులో కూలబడి మోకాళ్లు పట్టుకుంది. ఎదురుగా లిఫ్టు తలుపులు, వాటి మీద కంపెనీ అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు.

"మోకాలు బాగా నొప్పా పిన్నీ?"

"నొప్పికేం, అదెప్పుడూ ఉండేదే. ఇల్లు మాత్రం బాగుందే అమ్మాయ్. గాలి బాగా వస్తుంది" అంది పిన్ని, ఊపిరి అందక ఒక్కో మాటా విరుస్తూ.

షరతులమ్మ మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, పక్కనే మెట్టు మీద కూర్చుని, పిన్ని ఊపిరి కుదురుకునేదాకా ఆ చెయ్యి పట్టుకుని ఉండిపోయింది.